పాఠం అందరికీ, పరిశోధన ఒప్పుకున్నవాళ్లకే

ప్రశ్న: నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. పీహెచ్‌డీ కోసం నా ఏడో తరగతిలోనే పరిశోధన చేయబోతున్నాను. మాది ఇంగ్లిషు మీడియం. పిల్లలు గుంపులుగా కూర్చుని ముందు ఇంటి భాషలో మాట్లాడుకుంటే, మాటల రూపంలో ఇచ్చే లెక్కలు బాగా అర్థమవుతాయా అన్నది నా అంశం. మొత్తం ఆరు వారాలు. మొదట్లో ఒక పరీక్ష, చివర్లో ఒక పరీక్ష, మధ్యలో గుంపుల మాటలు రికార్డు చేస్తాను. తరగతిలో 38 మంది ఉన్నారు. మా గైడ్ మూడు పేజీల ఇంగ్లిషు ఫారం ఇచ్చి తెలుగులోకి మార్చుకోమన్నారు. హెచ్‌ఎం సార్ ఏమో "నేను పర్మిషన్ ఇచ్చాను కదమ్మా, డైరీలో ఒక లైను రాసి సంతకం పెట్టించు, చాలు" అంటున్నారు. తల్లిదండ్రుల్లో కొందరికి ఉర్దూ మాత్రమే వచ్చు, కొందరికి చదవడమే రాదు. ఏం రాయాలి, సంతకాలు ఎలా తీసుకోవాలి?

జవాబు: మీ గైడ్ ఇచ్చిన ఫారాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండమ్మా. ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీయండి. మీరు పీహెచ్‌డీ చేయకపోయినా తరగతిలో జరిగేవన్నీ ఎడమవైపు రాయండి. పీహెచ్‌డీ ఉంది కాబట్టే జరిగేవి కుడివైపు రాయండి. పిల్లలు గుంపులుగా కూర్చోవడం, ఇంటి భాషలో మాట్లాడుకోవడం, తర్వాత నోటుబుక్కులో ఇంగ్లిషులో చేయడం టీచరుగా మీరు ఎంచుకున్న పద్ధతి, చెప్పేది సిలబస్‌లో ఉన్న పాఠమే. అవి ఎడమవైపు. బల్ల మీద రికార్డరు పెట్టడం, జవాబు పత్రాలకు జిరాక్స్ తీసి దాచుకోవడం, పిల్లల మాటల్ని కాగితం మీదికి ఎక్కించడం, వాటిలో కొన్ని థీసిస్‌లో వేయడం కుడివైపు. రెండు పరీక్షలు ఎటు వెళ్తాయో మీరే తేల్చుకోవాలి. మామూలుగా పెట్టే పరీక్షలైతే ఎడమవైపు. పరిశోధన కోసం ప్రత్యేకంగా రెండు పీరియడ్లు తీసుకుంటుంటే కుడివైపే, ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాలి కూడా.

మనం తల్లిదండ్రుల్ని అడిగేది కుడివైపు ఉన్నవాటికే. చాలా ఫారాలు చెడేది ఇక్కడే. "ఈ అధ్యయనంలో నా కుమారుడు/కుమార్తె పాల్గొనుటకు సమ్మతించుచున్నాను" అని రాసి సంతకం పెట్టమంటారు. అది చదివిన తల్లికి, లేదా చదివించుకుని విన్న తల్లికి, తోచేది ఒకటే: వద్దంటే లెక్కల పీరియడ్‌లో పిల్లని వరండాలో కూర్చోబెడతారని. ఆ భయంతో పెట్టిన సంతకం ఫైల్లో ఉండటానికి పనికొస్తుంది, అంతే. కాబట్టి మీ సమాచార పత్రంలో అన్నిటికంటే స్పష్టంగా ఉండాల్సిన వాక్యం, వద్దన్న ఇంటి పిల్ల ఆ ఆరు వారాలూ ఎక్కడ కూర్చుంటుంది, ఏం చేస్తుంది అన్నది. ఆ వాక్యం రాయాలంటే ముందు మీకే అది తెలిసి ఉండాలి. అంటే పత్రం రాసేలోపే తరగతి ఏర్పాటు తేలాలి.

మీకున్న చిక్కు రెండు రకాలది. వద్దన్న పిల్ల గొంతు రికార్డరులో పడకూడదు. ఎవరు వద్దన్నారో మార్కులు వేసే మీకు తెలియకూడదు. టీచరే స్వయంగా వచ్చి అడిగితే కాదనడం మన దగ్గర ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. మార్కులు ఇచ్చే చేతికే ఆ కాగితం ఇవ్వాలంటే ఇంకా కష్టం. ఈ రెంటినీ కలిపి ఇలా సర్దుకోవచ్చు.

ఈ తరగతికి పాఠం చెప్పని సహోద్యోగి ఒకరిని ఫారాలు తీసుకోవడానికి ఒప్పించండి. హెచ్‌ఎం గారు మాత్రం వద్దు. ఫారాలు మూసిన కవర్లో ఆ టీచరుకే చేరాలి. 38 మందిని ఎనిమిది గుంపులు చేస్తే, ఆరింటిలో ఐదుగురేసి, రెండింటిలో నలుగురేసి వస్తారు. రికార్డు మూడు గుంపుల్నే చేయండి. మీ అంశానికి మూడు గుంపుల ఆరు వారాల మాటలే బోలెడు. వాటిని కాగితం మీదికి ఎక్కించేటప్పుడు అవి కూడా ఎక్కువేననిపిస్తాయి. లెక్కల్లో ఎవరు ఎలా ఉన్నారు, ఎవరి ఇంటి భాష ఏది అన్న జాబితా మీరు ముందే ఆ టీచరుకిస్తే, గుంపులు ఆవిడే వేస్తారు. ఇద్దరు చాలా చురుకైన పిల్లలు ఒకే గుంపులో పడకుండా చూసుకోవచ్చు. మూడు రికార్డు గుంపుల్లో రికార్డింగ్‌కు ఒప్పుకున్నవాళ్లే ఉంటారు. మిగతా ఐదు గుంపుల్లో 23 మంది ఉంటారు, వాళ్లలో ఒప్పుకున్నవాళ్లూ ఉంటారు, వద్దన్నవాళ్లూ ఉంటారు. రికార్డరు లేని గుంపులో కూర్చున్నంత మాత్రాన ఫలానావాళ్లు వద్దన్నారని మీకు గానీ తోటి పిల్లలకు గానీ తెలిసే దారి లేదు. పన్నెండు మంది వద్దన్నా మీ పని ఆగదు.

రికార్డు గుంపులు మూడింటినీ గదిలో ఒక మూల పక్కపక్కనే వేయండి. లేకపోతే వెనక బల్ల మాటలు కూడా రికార్డరులో పడతాయి. ఏడో తరగతి పిల్లలు మెల్లగా మాట్లాడరు కదా. అయినా పడితే, ఆ మాటలు రాతలోకి ఎక్కించనని పత్రంలోనే చెప్పండి. పరీక్షలు అందరూ రాస్తారు, మీరు దిద్దుతారు. ఒప్పుకున్నవాళ్ల పేపర్లకు ఆ టీచరు జిరాక్స్ తీసి, పేరు చెరిపి, ఒక అంకె వేసి తన దగ్గరే ఉంచుకుంటారు. ఎఫ్‌ఏ మార్కులు ఎక్కించడం పూర్తయ్యాకే అవి మీ చేతికి వస్తాయి. రికార్డింగులూ అంతే. గొంతు వినగానే ఎవరిదో మీకు తెలిసిపోతుంది కాబట్టి, మార్కులు అయ్యేదాకా వినవద్దు.

ఇప్పుడు పత్రం రాయవచ్చు. రెండు వేర్వేరు కాగితాలు కావాలి. సమాచార పత్రం ఇంట్లోనే ఉండిపోవాలి, సంతకం చేసిన ఫారం మాత్రం తిరిగి రావాలి. డైరీలో ఒక లైనుతో వచ్చే ఇబ్బంది ఇదే. సంతకం పెట్టాక తల్లిదండ్రుల దగ్గర ఫోన్ నంబరు కూడా మిగలదు. సమాచార పత్రం ఒక కాగితానికి అటూ ఇటూ దాటకుండా చూడండి. మొదలు ఇలా ఉండవచ్చు:

"నేను మీ బిడ్డకు లెక్కలు చెప్పే టీచర్ని. విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ కూడా చేస్తున్నాను. పిల్లలు ముందు ఇంటి భాషలో మాట్లాడుకుంటే, ఇంగ్లిషులో ఉన్న లెక్కలు అర్థమవడంలో తేడా వస్తుందా అని చూడాలనుకుంటున్నాను. వస్తుందో రాదో ఇంకా తెలియదు. ఆరు వారాలు తరగతిలో అందరికీ ఈ పద్ధతిలోనే పాఠం చెబుతాను. మీరు సరేనన్నా వద్దన్నా మీ బిడ్డ అదే గదిలో, స్నేహితులతో ఒక గుంపులో కూర్చుని అదే పాఠం నేర్చుకుంటుంది. మీ సమాధానం మార్కులు వేసేదాకా నేను చూడను. ఫారం వేరే టీచరు తీసుకుంటారు."

"ఇంకా తెలియదు" అన్న మాట తీసేయవద్దు. చాలామంది ఇక్కడ "మీ పిల్లల ప్రతిభ మెరుగుపడుతుంది" అని రాస్తారు. అది తెలిస్తే పరిశోధన ఎందుకు?

ఫారంలో ఒకే సంతకంతో అన్నీ కట్టేయకండి. ఒక్కో పనికీ విడిగా అవును, వద్దు అని రెండు గళ్లు ఉండాలి. పరీక్ష పేపర్ల జిరాక్స్ పేరు తీసేసి వాడుకోవచ్చా అన్నది మొదటిది. గుంపులో మాట్లాడేటప్పుడు గొంతు రికార్డు చేయవచ్చా అన్నది రెండోది. ఆ రికార్డింగులో కొంత ముక్క టీచర్ల శిక్షణలోనో సదస్సులోనో వినిపించవచ్చా అన్నది మూడోది. పేపరుకు సరేనన్న తండ్రి గొంతుకు వద్దనవచ్చు. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఇది జరుగుతుంది. విడిగా అడగకపోతే ఆ పేపరు కూడా మీకు దక్కదు. మూడో ప్రశ్న విషయంలో నా సలహా, అది లేకుండానే కానివ్వండని. కాగితం మీద పేరు మార్చవచ్చు గానీ గొంతుకు మారుపేరు పెట్టలేం. సదస్సులో వినిపించాలన్న కోరిక అంత గట్టిగా లేకపోతే ఆ గడి కొట్టేయండి, తల్లిదండ్రులకు ఒక భయం తగ్గుతుంది.

ఇక, నిలబెట్టుకోలేని మాటల సంగతి. గైడ్ ఇచ్చిన ఫారంలో "సమాచారం పూర్తిగా గోప్యంగా ఉంచబడుతుంది" అని తప్పకుండా ఉండి ఉంటుంది. మీ తరగతి విషయంలో అది మూడు చోట్ల నిజం కాదు. గుంపులో ఒక పిల్ల అన్న మాట మిగతా నలుగురూ వింటారు. వాళ్ల నోటికి మీరు తాళం వేయలేరు. థీసిస్‌లో "నగరంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల" అని రాసినా అట్ట మీద మీ పేరుంటుంది. మీరు ఏ బడిలో పనిచేస్తారో తెలిసినవాళ్లకు బడి తెలిసినట్టే, ఆ సంవత్సరం ఏడో తరగతి తెలిసినట్టే. కాబట్టి పిల్లల మారుపేర్ల పక్కన వాళ్లను పట్టిచ్చే వివరాలు, అంటే నాన్న చేసే పని, ఏ రాష్ట్రం నుంచి వచ్చారు వంటివి, రాయనని చెప్పండి. మూడోది బరువైనది. చర్చలో ఒక పిల్ల తనకు జరిగిన లైంగిక వేధింపు గురించి ఏదైనా బయటపెడితే, మీరు దాన్ని దాచడానికి వీల్లేదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తెలిసినవాళ్ల బాధ్యత. లెక్కల చర్చలో అలాంటిది ఎందుకొస్తుందని అనుకోవచ్చు. రికార్డరు నడుస్తున్నంతసేపూ పిల్లలు లెక్కలే మాట్లాడతారని హామీ ఏముంది? పత్రంలో రెండు వాక్యాలు చాలు: "పేర్లు ఎవరికీ చెప్పను. కానీ ఏ బిడ్డకైనా హాని జరుగుతోందని తెలిస్తే, చట్టం ప్రకారం చెప్పాల్సినవాళ్లకు చెబుతాను."

"ఎప్పుడైనా విరమించుకోవచ్చు" అన్నది కూడా అలాంటి మాటే. పేర్లకూ అంకెలకూ లంకె చూపే పట్టిక ఉన్నంతకాలమే ఎవరి పేపరు ఏదో తెలుస్తుంది. దాన్ని చించేశాక తీసేయమన్నా తీయలేరు. ఆ తేదీ ముందే నిర్ణయించి పత్రంలో వేయండి. ఆ రోజుదాకా అడిగితే పేపరు తీసేస్తానని, తర్వాత కుదరదని సూటిగా చెప్పండి. రికార్డింగు ఇంకా చిక్కు. ఐదుగురి మాటల్లోంచి ఒక గొంతును మాత్రమే చెరపడం మీవల్ల కాదు. "మీ బిడ్డ మాటలు రాతలోకి ఎక్కించను, రికార్డింగును మాత్రం పరిశోధన పూర్తయ్యాక మొత్తంగా చెరిపేస్తాను" అన్నది మీరు నిలబెట్టుకోగల మాట. ఎక్కడ దాస్తారో కూడా చెప్పాలి కాబట్టి ఒక జాగ్రత్త. మీ సొంత ఫోన్‌లో రికార్డు చేయకండి. అది మీకు తెలియకుండానే ఇంటర్నెట్‌లోకి బ్యాకప్ అయిపోవచ్చు, ఇంట్లో పిల్లలు అదే ఫోన్‌తో ఆడుకుంటారు. విడి రికార్డరు వాడి, ఆ రోజే పాస్‌వర్డ్ ఉన్న ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, రికార్డరులోంచి తీసేయండి.

పత్రం చివర మీ నంబరు ఒక్కటే ఇస్తే లాభం లేదు. మీ మీద ఫిర్యాదు చేయాలంటే మీకే ఫోన్ చేయాలా? గైడ్ పేరు, విశ్వవిద్యాలయం ఎథిక్స్ కమిటీ కార్యాలయం నంబరు ఇవ్వండి. ఆ నంబరు ఎత్తేవాళ్లకు తెలుగో ఉర్దూనో వచ్చా అన్నది ఒకసారి మీరే చేసి చూడండి.

ఉర్దూ పత్రం మీ బడిలోనో పక్క బడిలోనో ఉన్న ఉర్దూ టీచరు చేత రాయించండి. ఆ తర్వాత తెలుగు పత్రం చూడని, రెండు భాషలూ వచ్చిన ఇంకొకరికి అది ఇచ్చి, ఇందులో ఏముందో తెలుగులో చెప్పమనండి. వాళ్లు చెప్పింది మీరు రాసింది ఒకటేనా, ముఖ్యంగా "వద్దన్నా పాఠం అదే" అన్నది వచ్చిందా అని చూసుకోండి. చదవడం రానివాళ్ల కోసం పత్రాన్ని తెలుగులోనూ, మన బస్తీల్లో మాట్లాడే దక్కనీ యాసలోనూ చదివి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపవచ్చు. మూడు నాలుగు నిమిషాలు మించకూడదు. మించుతోందంటే పత్రమే పొడుగైందన్నమాట.

పత్రం పనిచేస్తోందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. ఆరో తరగతిలోనో ఎనిమిదిలోనో చదివే పిల్లల తల్లులు నలుగురైదుగురికి పేరెంట్స్ మీటింగ్ రోజున చదివి వినిపించి, అర్థమైందా అని మాత్రం అడగకండి. అందరూ అయిందనే అంటారు. "నేను మిమ్మల్ని ఏం అడుగుతున్నానో మీ మాటల్లో చెప్పండి", "మీరు వద్దంటే మీ పాప ఏం చేస్తుంది?", "రికార్డింగు ఎవరెవరు వింటారు?" అని అడగండి. "మీరు ఏది చేసినా మా పిల్లల మంచికే కదా టీచరుగారూ" అన్న జవాబు వస్తే పత్రం ఫెయిలైనట్టే. ఆవిడ మీ మీది గౌరవం చెప్పారు, కాగితంలో ఉన్నది చెప్పలేదు. ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో ఆ పేరా మళ్లీ రాయండి.

సంతకాల సంగతికొస్తే, హెచ్‌ఎం గారి అనుమతి, జిల్లా విద్యాశాఖాధికారి నుంచి తెచ్చుకునే ఉత్తరం బడిలో పరిశోధన జరపడానికి అవసరమే. పిల్ల తరఫున ఒప్పుకునే హక్కు ఆ రెంటికీ లేదు. ఈ మాట హెచ్‌ఎం గారికి మీరు చెబితే వాదన అవుతుంది, గైడ్ చేత ఒక ఉత్తరం రాయించండి. మీ పరిశోధన ఆరోగ్యానిది కాకపోయినా, వయసుల లెక్కకు ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు దారి చూపిస్తాయి. ముప్పు నామమాత్రంగా ఉన్నప్పుడు తల్లిదండ్రుల్లో ఒకరి సమ్మతి సరిపోతుంది. కాబట్టి తండ్రి దుబాయిలో ఉంటే తల్లి సంతకం చాలు. పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటూ తల్లిదండ్రులు ఊళ్లో ఉంటే, వాళ్లకు ఫోన్ చేసి వినిపించి, వాళ్లు వచ్చినప్పుడు సంతకం తీసుకోవాలి. అప్పటిదాకా ఆ పిల్ల రికార్డరు లేని గుంపులోనే. వేలిముద్ర వేసేవాళ్ల దగ్గర బడికి సంబంధం లేని సాక్షి, పొరుగింటావిడైనా సరే, ఉండాలి. మొత్తం చదవడం తను విన్నానని ఆ సాక్షి సంతకం చేయాలి. ఇంకొకటి: ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం తామే పెట్టినవాళ్లు మనలోనూ తక్కువేం కాదు. ఫారాలు తీసుకున్న టీచరు వాటిలో కొన్నింటికి ఇంటికి ఫోన్ చేసి అడిగితే మంచిది.

పది రోజులు గడువివ్వండి, మధ్యలో ఒక్కసారి గుర్తుచేయండి. అయినా ఫారం రాకపోతే అది వద్దన్నట్టే. రాలేదు కాబట్టి అభ్యంతరం లేదనుకోవడానికి లేదు, ఆ ఫారం పిల్ల బ్యాగు అడుగున నలిగి ఉండవచ్చు. ఫారం తెచ్చినవాళ్లకు చాక్లెట్లు, తేనివాళ్లను నిలబెట్టడం లాంటివి ఆ సహోద్యోగి ఉత్సాహంలో చేసేయగలరు, ముందే చెప్పి ఉంచండి.

పిల్లల్ని వేరుగా అడగాలి. అవే మార్గదర్శకాల్లో 7 నుంచి 12 ఏళ్ల వాళ్ల దగ్గర నోటిమాటగా, ఆపైన 18 లోపు రాతపూర్వకంగా అంగీకారం తీసుకోమని ఉంది. ఏడో తరగతిలో పన్నెండు నిండినవాళ్లూ నిండనివాళ్లూ కలిసే ఉంటారు, అందరి చేతా అర పేజీ కాగితం మీద రాయించేయండి. అది కూడా ఆ సహోద్యోగికే చేరాలి. ఇంట్లో సరేనన్నా పిల్ల వద్దంటే వద్దనే. రికార్డు గుంపుల పిల్లలకు రికార్డరు ఆపే మీట ఎక్కడుందో చూపించండి. ఏదైనా ఒక రోజు ఎవరికైనా ఇష్టం లేకపోతే ఎందుకని అడక్కుండా ఆపేసుకోవచ్చని చెప్పండి. మొదటి రెండు రోజులు సరదాకే పదిసార్లు ఆపుతారు, తర్వాత రికార్డరు ఉందనే మరిచిపోతారు. అలా మరిచిపోతారు కాబట్టే, వారానికోసారి అది నడుస్తోందని గుర్తుచేయాలి.

పనుల వరసలో ఒక్కటి తారుమారు కాకుండా చూసుకోండి. తల్లులతో పరీక్షించి సరిచేసిన తెలుగు, ఉర్దూ పత్రాలు, ఆడియో, పిల్లల కాగితం అన్నీ కలిపే ఎథిక్స్ కమిటీకి పంపండి. ఇంగ్లిషు ఫారం ఒక్కటీ ఆమోదింపజేసుకుని తర్వాత తెలుగులో మార్పులు చేస్తే, ఆ మార్పులకు మళ్లీ కమిటీ ముందుకు వెళ్లాలి. ఈలోగా మీ ఆరు వారాల పాఠం దాటిపోతుంది.